నెల రాబడి చెప్పొచ్చు, ఇంటి గుట్టు చెప్పనక్కర్లేదు

2008లో అమెరికాను మాంద్యం కుదిపేసినప్పుడు కాలిఫోర్నియాలో ప్యాట్ ఫ్లిన్ అనే యువకుడికి ఆర్కిటెక్చర్ సంస్థలో ఉద్యోగం పోయింది. పర్యావరణానికి హాని చేయని భవనాల గురించి అక్కడ ఒక వృత్తిపరీక్ష ఉంటుంది. దానికి చదువుకుంటూ రాసుకున్న నోట్సును అతను అప్పటికే ఒక వెబ్‌సైట్‌లో పెట్టి ఉంచాడు. ఆ నోట్సునే ఈ-బుక్‌గా చేసి అక్టోబరులో అమ్మకానికి పెడితే ఆ ఒక్క నెలలోనే దాదాపు 7,900 డాలర్లు వచ్చాయి. తర్వాత అతను చేసిన పని అప్పట్లో కొంచెం వింతే. ఏ నెలలో ఎక్కడి నుంచి ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో వివరంగా రాసి అందరికీ కనిపించేలా పెట్టాడు. ఏళ్ల తరబడి అలా నెలనెలా రాస్తూనే ఉన్నాడు.

అతన్ని చూసి చాలామంది ఆ బాట పట్టారు. వంటకాల మీద రాసే 'పించ్ ఆఫ్ యమ్' దంపతులు 2011లో తమ మొదటి నెల లెక్క వేస్తే వచ్చింది 21 డాలర్ల 97 సెంట్లు. దాన్నీ దాచుకోలేదు. తర్వాతి సంవత్సరాల్లో ఆ అంకె వేల డాలర్లకు ఎలా పెరిగిందో జనం నెలనెలా చదివారు. మన దేశంలో హర్ష్ అగర్వాల్ వంటివారు ఇదే పద్ధతి పాటించారు. తెలుగులో రాసేవాళ్లకు మాత్రం గూగుల్ ప్రకటనల డబ్బు ఆలస్యంగా మొదలైంది. యాడ్‌సెన్స్‌లో తెలుగు చేరింది 2018లో. అంతకుముందు తెలుగులో ఎంత బాగా రాసినా ఆ దారి లేదు. ఇప్పుడు వంటల మీద, వ్యవసాయం మీద, పోటీ పరీక్షల మీద తెలుగులో రాసి నాలుగు రాళ్లు సంపాదించేవాళ్లున్నారు. వాళ్లలో కొందరు నెల లెక్క బయటపెడుతున్నారు కూడా.

ఆయుష్షు, ఆస్తి, ఇంటి గుట్టు బయటపెట్టొద్దని మన పెద్దల మాట. ఆస్తి సంగతి ఎలా ఉన్నా, రాబడి చెప్పడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. కాకపోతే చెప్పే అంకె ఏమిటో, అది ఎవరిదో తెలిసి చెప్పాలి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. చెప్పాల్సిన ఖర్చు చెప్పరు, చెప్పకూడని ఎదుటివాళ్ల జీతం చెప్పేస్తారు.

ముందు అంకె సంగతి చూద్దాం. విజయవాడలో ఉంటూ వంటల మీద రాసే ఒకామె ఉందనుకుందాం. అక్టోబరు నెల, దసరా దీపావళి సందడి. ఆమెకు నాలుగు దారుల్లో డబ్బు వస్తుంది. పేజీల పక్కన వచ్చే ప్రకటనలు ఒకటి. ఫలానా కుక్కర్ బాగుందని రాసి కింద లింకు పెడితే, దాని మీద ఎవరైనా కొన్నప్పుడు దక్కే కమీషన్ రెండోది. ఒక మసాలా కంపెనీ డబ్బిచ్చి రాయించుకున్న వంటకం మూడోది. ఊరగాయల మీద తను రాసి 200 రూపాయలకు అమ్ముతున్న ఈ-బుక్ నాలుగోది.

అక్టోబరు 31 రాత్రి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంటే ప్రకటనల ఖాతా 18,000 చూపిస్తుంది. కమీషన్ ఖాతా 9,000 అంటుంది. మసాలా కంపెనీకి పంపిన బిల్లు 25,000. పుస్తకం 40 కాపీలు పోయాయి కాబట్టి 8,000. మొత్తం 60,000. ఈ అంకెను అందంగా ఒక బొమ్మ మీద వేసి పెడితే అబద్ధమనలేం.

కానీ ఆ 18,000 అనేది అంచనా మాత్రమే. నెల ముగిశాక గూగుల్ మళ్లీ లెక్క చూస్తుంది. పొరపాటున పడ్డ క్లిక్కులు, యంత్రాలు చేసిన క్లిక్కులు తీసేసి, మర్నెల మొదటి మూడు రోజుల్లో అసలు అంకె ఖరారు చేస్తుంది. డబ్బు డాలర్లలో వస్తుంది కాబట్టి బ్యాంకు తన మారకం రేటు కట్టి, ఛార్జీలు పట్టుకుంటుంది. అన్నీ పోను 16,500 చేరిందనుకుందాం. కమీషన్‌లో కోత ఇంకా ఎక్కువ. పండగ సేల్‌లో కొన్నవాళ్లు కొందరు వస్తువు వెనక్కి పంపుతారు, దాంతోపాటే మన కమీషనూ వెనక్కి పోతుంది. 9,000 కాస్తా 7,500 అయింది. పుస్తకం డబ్బులో పేమెంట్ గేట్‌వే 200 పట్టుకుంటే 7,800 మిగిలింది. మసాలా కంపెనీ 25,000 అలాగే ఉంది. ఇప్పుడు మొత్తం 56,800.

ఇక ఖర్చులు. వంటకం ఒకటి బాగా కుదిరిందనేలోపు రెండు మూడు సార్లు వండాలి, ఆ సరుకులు 5,000. ఫొటోలు, వీడియోలు సరిచేసే అమ్మాయికి 6,000. సైటు అద్దె, పేరు రెన్యువల్ ఏడాదికొకసారి కడతారు కాబట్టి చాలామంది వాటిని మరిచిపోతారు. పన్నెండుతో భాగిస్తే నెలకు 900. పాఠకులకు ఈమెయిల్ పంపే సర్వీసు, ఇంటర్నెట్ కలిపి 2,100. మొత్తం 14,000. అది తీసేస్తే అక్టోబరులో ఆమె నిజంగా సంపాదించింది 42,800.

అయితే అక్టోబరులో ఆమె చేతికి వచ్చిన డబ్బు ఎంతని అడిగితే జవాబు ఇంకొకటి. యాడ్‌సెన్స్ డబ్బు మర్నెల 21 నుంచి 26వ తేదీ మధ్య పంపుతారు, అదీ ఖాతాలో కనీసం 100 డాలర్లు చేరితేనే. అంటే అక్టోబరులో అందింది సెప్టెంబరు డబ్బు, పండగ ముందు నెల కాబట్టి 14,000. అమెజాన్ కమీషన్ నెల ముగిసిన దాదాపు 60 రోజులకు వస్తుంది, కాబట్టి అందింది ఆగస్టుది, 4,200. పుస్తకం డబ్బు 7,800. మసాలా కంపెనీ ఇంకా ఇవ్వలేదు. వచ్చింది 26,000, ఖర్చు 14,000. మిగిలింది 12,000.

60,000, 42,800, 12,000. మూడూ ఒకే మనిషివి, ఒకే నెలవి, మూడూ నిజమే. చదివేవాడు ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగాలా అని ఆలోచిస్తున్నాడనుకోండి, మొదటి అంకె చూస్తే రాజీనామా రాస్తాడు, మూడో అంకె చూస్తే ఆగుతాడు. అందుకే నెల లెక్క రాసేవాళ్లు మొదటి వాక్యంలోనే తాము ఏ అంకె చెబుతున్నారో తేల్చేయాలి. ఖర్చులు పోనా, పోకముందా? వచ్చిన డబ్బా, రావాల్సినదా? ఆదాయపు పన్ను కట్టకముందా, కట్టాకా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని అంకెను నేను లెక్కగా ఒప్పుకోను.

నన్నడిగితే మధ్య అంకె చెప్పడం మేలు, కానీ ఆలస్యంగా చెప్పాలి. అక్టోబరు లెక్కను నవంబరు ఒకటిన రాస్తే అందులో సగం అంచనాలే. జనవరి మొదటి వారంలో రాస్తే అక్టోబరు ప్రకటనల డబ్బు నవంబరులోనే బ్యాంకులో పడి ఉంటుంది, కమీషన్ డిసెంబరు చివర వచ్చి ఉంటుంది, వెనక్కి పోయిన కుక్కర్ల లెక్కా తేలిపోయి ఉంటుంది. రాసేవాళ్లకు ఇందులో మరో రక్షణ కూడా ఉంది. ఈ నెల ఏ వంటకం బాగా ఆడుతోందో పోటీవాళ్లకు ఈ నెలలోనే తెలియదు.

ఇప్పుడు చెప్పకూడని వాటి సంగతి. ఆమె 'స్పాన్సర్‌షిప్: 25,000' అని ఒక వరుస రాసిందనుకోండి. ఆ నెలలో ఆమె సైటులో డబ్బు తీసుకుని రాసిన వంటకం ఒకటే ఉంది. డబ్బు తీసుకుని రాసినప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, అది ప్రకటన అని ఆమె నిజాయితీగా రాసే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మసాలా కంపెనీ ఎంతిచ్చిందో చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. ఒప్పందంలో ధర బయటపెట్టకూడదని ఉంటే అది ఒప్పందం తప్పినట్టు. లేకపోయినా, రేపు రాబోయే నూనె కంపెనీ బేరం 25,000 దగ్గరే మొదలుపెడుతుంది.

సరే, ఆ వరుస తీసేసి మొత్తం మాత్రం 56,800 అని ఉంచేస్తే? మిగతా మూడు వరుసలు కూడి మొత్తంలోంచి తీసేస్తే మళ్లీ 25,000 బయటపడుతుంది. ఈ తీసివేత సంగతి తట్టక చాలామంది దొరికిపోతారు. ఒక వరుస దాచాలనుకుంటే దాన్ని మొత్తంలోంచి కూడా తీసేయాలి, తీసేశానని చెప్పాలి. స్పాన్సర్ల డబ్బు ముగ్గురి దగ్గరి నుంచైనా వచ్చిన తర్వాత అన్నీ కలిపి ఒకే అంకెగా, ఆర్నెల్లకో ఏడాదికో చెబితే ఎవరిది ఎంతో తేలదు. ఇద్దరే అయితే చాలదు, ఎందుకంటే ఆ ఇద్దరిలో ఒకరికి తామిచ్చింది తెలుసు కదా, రెండోవాళ్లది తీసివేతతో వచ్చేస్తుంది.

ఫొటోలు సరిచేసే అమ్మాయి విషయమూ ఇదే. ఆమె పేరు సైటులో వేసి, లెక్కలో 'ఎడిటింగ్ 6,000' అని రాస్తే ఆ అమ్మాయి జీతం ఆమె బంధువులందరికీ చెప్పినట్టే. పాపం, తన రాబడి బయటపెట్టమని ఆ అమ్మాయి ఎవరినీ అడగలేదు. సాయం ఖర్చును సైటు ఖర్చులతో కలిపి ఒకే అంకెగా చెప్పేస్తే సరిపోతుంది. చదివేవాళ్లకు పోయేదేమీ లేదు.

యాడ్‌సెన్స్ విషయంలో ఒక నిబంధన చాలామంది చదవకుండానే ఒప్పుకుని ఉంటారు. పేజీ చూసినవాళ్లలో ఎంత శాతం ప్రకటన మీద నొక్కారు వంటి పనితీరు గణాంకాలు గూగుల్ రహస్య సమాచారం కిందికి వస్తాయి, అవి బయట చెప్పకూడదు. గూగుల్ నుంచి మొత్తం ఎంత డబ్బు వచ్చిందో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పుకోవచ్చని అదే నిబంధనలో ఉంది. అంటే 16,500 అని రాయడానికి అడ్డు లేదు. ఖాతా తెర మొత్తం ఫొటో తీసి పెట్టేస్తేనే చిక్కు, అందులో ఆ శాతాలన్నీ కనిపిస్తాయి.

అసలు తెర ఫొటోలతోనే ఎక్కువ గుట్టు రట్టవుతుంది. ప్రకటనల ఖాతా నంబరు, బ్యాంకు ఖాతా చివరి అంకెలు, బిల్లు మీద ఇంటి చిరునామా, పాన్ నంబరు ఇవన్నీ మూలల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. పుస్తకం అమ్మకాల పేజీలో అయితే కొన్నవాళ్ల పేర్లు, ఈమెయిళ్లు వరుసగా ఉంటాయి. అవి మనవి కావు. వాటిని మసకగా చేసి వదిలేస్తే కొన్నిసార్లు తిరిగి చదవగలుగుతారు కాబట్టి ఆ భాగం కత్తిరించేయాలి, లేదా దాని మీద నల్లటి పట్టీ వేసి దాన్ని మళ్లీ కొత్త ఫొటోగా తీసుకోవాలి. నిజానికి నమ్మకం కోసం తెర ఫొటో పెట్టడమే నాకు అంతగా నచ్చదు. దాన్ని మార్చడం అయిదు నిమిషాల పని. ఏ నెలకానెల తప్పకుండా రాసిన రెండేళ్ల లెక్క ముందు ఫొటో ఏపాటి సాక్ష్యం?

ఇంటి సంగతులు, అంటే ఇంటి లోను కిస్తీ, భర్త జీతం, పిల్లల స్కూలు ఫీజు, బ్యాంకులో నిల్వ, వీటికి నెల లెక్కలో చోటు లేదు. చదివేవాళ్లకు తెలియాల్సింది ఈ పని మీద ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్నదే. పని ఖర్చుకూ ఇంటి ఖర్చుకూ మధ్య గీత ఎక్కడో తేల్చుకోలేనివాళ్లకు ఒక గుర్తు ఉంది. రేపు ఈ పని మానేస్తే ఆ ఖర్చు ఆగిపోతుందా? సరుకుల 5,000 ఆగుతుంది, ఇంటి కిస్తీ ఆగదు. నిల్వ చెబితే ఇంకో ముచ్చట ఉంది. పండక్కి ఊరెళ్లినప్పుడు చేబదులు అడిగేవాళ్లు పెరుగుతారు. నెలకు 17,000 మిగిలాయన్నవాళ్లను ఎవరూ అడగరు, బ్యాంకులో మూడు లక్షలున్నాయని రాసినవాళ్లను ఎవరు వదులుతారు?

ఇవన్నీ పాటిస్తే జనవరి మొదటి వారంలో ఆమె రాసే లెక్క దాదాపు ఇలా ఉంటుంది:

'అక్టోబరు లెక్క ఇది. డబ్బంతా బ్యాంకులో పడ్డాక రాస్తున్నాను, ఆదాయపు పన్ను ఇంకా కట్టలేదు. ప్రకటనల మీద 16,500, కమీషన్ల మీద 7,500, ఊరగాయల పుస్తకం మీద 7,800 వచ్చాయి. మొత్తం 31,800. ఖర్చు 14,000. అందులో వంట సరుకులకే 5,000 పోయింది, మిగతాది సైటు, సాయం, ఇంటర్నెట్. చేతిలో మిగిలింది 17,800. స్పాన్సర్ల డబ్బు ఇందులో కలపలేదు, ఏడాది చివర ఒకేసారి చెబుతాను. ఈ నెల ఒక కంపెనీ పంపిన మిక్సీ నా దగ్గరే ఉంచుకున్నాను, దాని గురించి రాసినప్పుడు ఆ సంగతి చెప్పాను. పోయిన ఏడాది అక్టోబరులో ఇలాగే లెక్కేస్తే మిగిలింది 11,200. పండగ నెల కాబట్టి జనవరిలో ఇంత ఉండదు. రోజుకు నాలుగు గంటలు, ఆదివారాలు కూడా పనిచేశాను.'

మిక్సీ గురించిన వాక్యం మర్యాద కోసం రాసింది మాత్రమే అనుకోకండి. ఇలా వ్యాపారంలో ఉచితంగా వచ్చి మన దగ్గరే ఉండిపోయిన వస్తువులు కూడా ఆదాయం కిందికే వస్తాయి. 2022 జులై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఒకరు ఒక ఏడాదిలో ఇచ్చినవాటి విలువ 20,000 దాటితే ఇచ్చేవాళ్లు 10 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. వాడి చూసి తిరిగి పంపేస్తే ఆ బెడద లేదు. ఇలా మినహాయించిన పన్ను ఆదాయపు పన్ను శాఖ దగ్గర మన పాన్ పేరు మీదే నమోదవుతుంది. కాబట్టి నలుగురికీ ఒక అంకె చెప్పి రిటర్నులో ఇంకొకటి వేసేవాళ్లు తమ మీద తామే సాక్ష్యం రాసిపెట్టుకున్నట్టు.

పోయిన ఏడాది అదే నెలతో పోల్చమనడానికి కారణం ఉంది. కంపెనీలు పండగల నుంచి డిసెంబరు దాకా ప్రకటనలకు ఎగబడతాయి, రేట్లు పెరుగుతాయి. జనవరి రాగానే కొత్త బడ్జెట్లు తేలేదాకా చేతులు ముడుచుకుంటాయి. చదివేవాళ్ల సంఖ్య ఒక్కరు కూడా తగ్గకపోయినా ప్రకటనల డబ్బు పడిపోతుంది. సెప్టెంబరును అక్టోబరుతో పోల్చి 'ఒక్క నెలలో ఇంత ఎదిగాను' అని రాసేవాళ్లు పండగ చేసిన పనిని తమ ఖాతాలో వేసుకుంటున్నారు.

ఇక ఈ లెక్కలు చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికాలో ఈ నివేదికలు బాగా నడిచిన రోజుల్లో చాలా లెక్కల్లో పెద్ద వరుస ఒకటే కనిపించేది. వెబ్‌సైటుకు చోటు అద్దెకిచ్చే కంపెనీల నుంచి వచ్చిన కమీషన్ అది. వరుస ఎలా నడుస్తుందంటే, నివేదిక చదివినవాడికి 'నేనూ మొదలుపెడితే?' అనిపిస్తుంది. మొదలుపెట్టాలంటే ముందు కావాల్సింది సైటుకు చోటు. నివేదికలోనే దాని లింకు ఉంటుంది. అతను కొంటాడు, రాసినవాడికి కమీషన్ వస్తుంది, అది వచ్చే నెల నివేదికలో ఇంకా పెద్ద అంకెగా కనిపిస్తుంది, దాన్ని చూసి మరో పదిమంది కొంటారు. అంటే వంటల మీదో ప్రయాణాల మీదో సంపాదించానని చెప్పే మనిషి నిజంగా సంపాదిస్తున్నది తన సంపాదన గురించి రాయడం మీదే. ఇందులో మోసం ఉండనక్కర్లేదు. ప్యాట్ ఫ్లిన్ లాంటివాళ్లు ఆ కమీషన్‌ను దాచకుండా విడిగా చూపించారు కాబట్టే ఈ సంగతి మనకు తెలిసింది. కానీ ఆ దారి అందరికీ తెరిచి ఉండదు. మన విజయవాడ ఆమె ఎంత బాగా వండినా ఆ కమీషన్ ఆమెకు రాదు, ఎందుకంటే ఆమె పాఠకులు వెబ్‌సైటు పెట్టడానికి రాలేదు, పులిహోర చేసుకోవడానికి వచ్చారు.

కాబట్టి ఎవరి లెక్క చూసినా, రాబడి తెచ్చిన వరుసల్లో ఎన్ని ఆ నివేదిక చదివేవాళ్ల జేబులోంచి వచ్చాయో ముందు చూడండి. ఖర్చుల పట్టికలోని ప్రతి సాధనానికీ కొనుగోలు లింకు ఉంటే అది ఖర్చుల పట్టిక వేషంలో ఉన్న దుకాణం. నివేదిక చివర 'నేనెలా సంపాదించానో నేర్పే కోర్సు' ఉండి, దాని రుసుము వేలల్లో ఉంటే డబ్బు కట్టేముందు ఆ మనిషి రాసిన జనవరి, ఫిబ్రవరి నెలల లెక్కలు వెతకండి. అవి లేకపోతే కట్టకండి.